జూలై 31 సాయంత్రం తర్వాత ఎవరిని అడగాలి?

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో మూడు వందల మంది పనిచేసే ఒక విడిభాగాల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. దాని హెచ్‌ఆర్ ఆఫీసర్ రాజీనామా చేశారు. జూలై 31 ఆఖరి రోజు. వెళ్లేలోపు కొత్తగా వచ్చే ఆఫీసర్‌కు చార్జి అప్పగించాలి. అందుకు ఒక నోటు రాయాలి: ఏ ఫైళ్లు మిగిలి ఉన్నాయి, దేనికి ఎప్పటిదాకా గడువు, దేని గురించి ఎవరితో మాట్లాడాలి. ఇలాంటి నోట్లు సాధారణంగా ఆఖరి రోజు మధ్యాహ్నం, వీడ్కోలు కేకు కోయడానికి ముందు తయారవుతాయి. ‘గ్రాట్యుటీ – ప్రాసెస్‌లో ఉంది. సస్పెన్షన్ కేసు – ఎంక్వైరీ నడుస్తోంది. పీఎఫ్ – పెండింగ్.’ మూడు ముక్కల్లో అయిపోతుంది. ఇద్దరూ సంతకం పెడతారు.

ఆ మూడు ముక్కల్లో అబద్ధమేమీ లేదు. అయినా ఆగస్టు మూడో వారానికల్లా కొత్త ఆఫీసర్ పాతాయనకు ఫోన్ చేయక తప్పదు. ఫైలు నడుస్తోందన్న సంగతి ఫైలు తెరిస్తే ఎవరికైనా తెలుస్తుంది. తెలియనిది వేరే ఉంది. గడువు ఏ తేదీ నుంచి లెక్క మొదలైంది? ఇప్పుడు కాగితం ఎవరి బల్ల మీద ఉంది? వాళ్లు కదలకపోతే ఏమవుతుంది? నోటు చెప్పాల్సింది ఇదే. మన ఫ్యాక్టరీలోని ఆ మూడు ఫైళ్లనే తీసుకుని చూద్దాం.

మొదటిది గ్రాట్యుటీ. లేత్ సెక్షన్‌లో 23 ఏళ్ల 7 నెలలు పనిచేసిన ఆపరేటర్ ఒకాయన కూడా అదే జూలై 31న రిటైరవుతున్నాడు. గ్రాట్యుటీ లెక్క కార్మికులు కూడా నోటికి చెప్పేస్తారు: ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆరు నెలలు దాటిన భాగం పూర్తి సంవత్సరం కిందికి వస్తుంది కాబట్టి ఈయనకు 24 ఏళ్లు. డబ్బు ముట్టాల్సింది 30 రోజుల్లో, అంటే ఆగస్టు 30లోగా. దాటితే కంపెనీ వడ్డీతో కట్టాలి. కార్మికుడు దరఖాస్తు పెట్టలేదు కాబట్టి ఆగామని చెప్పడానికి వీల్లేదు. దరఖాస్తు వచ్చినా రాకపోయినా లెక్క కట్టి ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిదే.

ఇంతవరకూ తేలికే. ఫైల్లో ఒక లెక్క కాగితం కూడా ఉంది. కిందటి ఏడాది గ్రూప్ గ్రాట్యుటీ పాలసీ రెన్యువల్ కోసం ఎల్‌ఐసీకి పంపిన జాబితాలోంచి తీసింది. అందులో ఈయన బేసిక్, డీఏ కలిపి 20,800 రూపాయలు. దాని మీద 15/26 అంటే 12,000. ఇరవై నాలుగేళ్లకు 2,88,000. కొత్త ఆఫీసర్ ఈ కాగితం చూస్తే, అంతా అయిపోయింది, సంతకాలే తరువాయి అనుకుంటారు.

కానీ 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటితో వేతనం అన్నదాని నిర్వచనం మారింది. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం లాంటి అలవెన్సులన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినంత మేర తిరిగి వేతనంలో కలపాలి. బేసిక్‌ను చిన్నది చేసి మిగతాదంతా అలవెన్సులుగా చూపించే అలవాటుకు పెట్టిన కళ్లెం ఇది. మన ఆపరేటర్ నెల మొత్తం 52,000 అనుకుందాం. బేసిక్, డీఏ పోను అలవెన్సులు 31,200. సగం 26,000. దాటింది 5,200. దాన్ని 20,800కు కలిపితే వేతనం 26,000 అవుతుంది. ఇప్పుడు 15/26 అంటే 15,000. ఇరవై నాలుగేళ్లకు 3,60,000. ఒక్క మనిషికి 72,000 తేడా.

దీంతో ‘ఎవరిని సంప్రదించాలి’ అన్న గడి కూడా మారిపోతుంది. పాత లెక్కయితే ఎల్‌ఐసీ గ్రూప్ పథకాల విభాగం ఒక్కటి చాలు. వాళ్ల దగ్గర ఉన్నది పాత జీతాల జాబితా కాబట్టి, దాని ప్రకారం వచ్చే సొమ్ముకూ ఇవ్వాల్సిన సొమ్ముకూ మధ్య తేడాను కంపెనీ తన ఖాతాలోంచి కట్టాలి. అంటే అకౌంట్స్ మేనేజర్‌తో ముందే మాట్లాడి ఆగస్టు చెల్లింపుల్లో ఆ మొత్తం పెట్టించాలి. ఇంకొక మెలిక కూడా ఉండొచ్చు. గ్రాట్యుటీ నిధికి ట్రస్టు ఉండి, అందులో వెళ్లిపోతున్న హెచ్‌ఆర్ ఆఫీసరే ఒక ట్రస్టీ అయితే, క్లెయిమ్ కాగితం మీద ఆయన సంతకం జూలై 31లోపే పడాలి, లేదా ఆయన స్థానంలో కొత్త ట్రస్టీని వేసుకోవాలి.

కాబట్టి నోటులో ఈ ఫైలు గురించి రాయాల్సింది సుమారుగా ఇలా ఉంటుంది: ‘లేత్ ఆపరేటర్ గ్రాట్యుటీ. ఆఖరి గడువు ఆగస్టు 30. ఫైల్లోని 2,88,000 లెక్క పాతది, వాడవద్దు. కొత్త నిర్వచనం ప్రకారం 3,60,000. జీతం వివరాలు టైమ్ ఆఫీసు నుంచి తీసుకుని జతపరిచాను. క్లెయిమ్ ఎల్‌ఐసీకి ఆగస్టు 5లోగా వెళ్లాలి. తేడా సొమ్ము గురించి అకౌంట్స్ మేనేజర్‌కు జూలై 24న చెప్పాను, ఒప్పుకున్నారు, కాగితం మీద ఇంకా రాలేదు.’ ఆ చివరి మాట చాలామంది రాయరు. నా లెక్కన అసలు విలువ దానిదే. నోటితో ఒప్పుకున్నదీ రాతలో ఉన్నదీ వేర్వేరని కొత్తవారికి చెప్పగలిగింది పాతాయన ఒక్కరే.

రెండో ఫైలు సస్పెన్షన్. స్టోర్స్‌లో సామాను తగ్గిందన్న ఆరోపణ మీద ఒక కార్మికుణ్ని జూన్ 10న సస్పెండ్ చేశారు. చార్జిషీటు ఇచ్చారు, జవాబు వచ్చింది, డొమెస్టిక్ ఎంక్వైరీకి బయటి నుంచి ఒక న్యాయవాదిని ఎంక్వైరీ ఆఫీసర్‌గా పెట్టారు. తర్వాతి విచారణ ఆగస్టు 12న. సస్పెన్షన్‌లో ఉన్న మనిషికి జీతం ఉండదు, జీవనభృతి ఉంటుంది. మొదటి 90 రోజులు వేతనంలో సగం. ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే, ఆ తర్వాత 75 శాతం.

ఇక్కడ గడువు ఎక్కడా రాసి ఉండదు, వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. జూన్ 10ని మొదటి రోజుగా పట్టుకుంటే నెలాఖరుకు 21 రోజులు, జూలై 31కి 52, ఆగస్టు 31కి 83. తొంభయ్యో రోజు సెప్టెంబరు 7. ఈ కార్మికుడి వేతనం 24,000 అయితే అప్పటిదాకా నెలకు 12,000 చొప్పున వస్తున్నది, సెప్టెంబరు 8 నుంచి 18,000 లెక్కకు మారాలి. జీతాల సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలియదు. ఎవరో ఒకరు చెప్పేదాకా అది సగమే లెక్కగడుతూ పోతుంది. పైగా, సస్పెన్షన్ మొదలైన 90 రోజుల్లో ఎంక్వైరీ కూడా మామూలుగా ముగిసిపోవాలని కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. కాబట్టి సెప్టెంబరు 7 ఒకే తేదీ అయినా రెండు పనులకు గడువు.

భృతి ఆరు వేలు తక్కువ పడితే మునిగిపోయేదేముంది, తర్వాత ఎరియర్స్ కింద ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. దీనికి జవాబు కోలార్ బంగారు గనుల కేసులో దొరుకుతుంది. అక్కడి భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్‌గా ఉన్న కెప్టెన్ ఎం. పాల్ ఆంథొనీని 1985లో సస్పెండ్ చేశారు. జీవనభృతి ఇవ్వలేదు. ఆయన కేరళలోని ఇంట్లో ఉన్నారు. విచారణకు రావడానికి చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగాలేదు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. భృతి ఇవ్వకుండా, మనిషి రాలేని పరిస్థితి కల్పించి జరిపిన ఏకపక్ష విచారణ చెల్లదన్నది అందులో ముఖ్యమైన కారణం. అక్కడ భృతి మొత్తానికే ఇవ్వలేదు, మన ఫ్యాక్టరీలో తగ్గించి ఇస్తున్నారు. రెండూ ఒకటి కాదు. అయినా యాజమాన్యం న్యాయంగా ఉందా అన్న ప్రశ్న లేబర్ కోర్టులో వచ్చిందంటే, ఎదుటి పక్షం లాయరు మొదట అడిగేది భృతి చెల్లింపుల రిజిస్టరే.

ఈ ఫైలుకు సంప్రదించాల్సిన వాళ్లు ముగ్గురు, ముగ్గురికీ పని వేరు. విచారణ తేదీల కోసం ఎంక్వైరీ ఆఫీసర్. సాక్షులుగా వచ్చే స్టోర్స్ ఇన్‌చార్జి, గేటు సెక్యూరిటీ షిఫ్టులు సర్దడానికి ప్రొడక్షన్ మేనేజర్. భృతి మార్పు కోసం జీతాల గుమాస్తా. ఇంకొకటి కూడా నోటులో ఉండాలి: ఇప్పటిదాకా పడిన వాయిదాల్లో ఏది ఎవరు అడిగితే పడింది. ఒక వాయిదా కార్మికుడి యూనియన్ ప్రతినిధి అడిగినదీ, ఒకటి యాజమాన్యం సాక్షి రానందువల్ల పడినదీ అయితే, 75 శాతం ఇవ్వాలా వద్దా అన్నది ఆ వివరం మీదే ఆధారపడుతుంది. ప్రొసీడింగ్స్ కాగితాలన్నీ తిరగేస్తే కొత్త ఆఫీసర్‌కు కూడా అది తెలుస్తుంది. కానీ తిరగేయడానికి తీరిక దొరికేసరికి సెప్టెంబరు జీతాలు వెళ్లిపోయి ఉంటాయి.

ఈ తేదీల జాబితా సంగతి మన ప్రభుత్వ కార్యాలయాలకు కొత్త కాదు. మద్రాసు కాలం నాటి జిల్లా ఆఫీసు పద్ధతులు పాటించిన చోట్ల ప్రతి గుమాస్తా దగ్గరా వచ్చిన కాగితాలకు ఒక పర్సనల్ రిజిస్టరు, తేదీల ప్రకారం పంపాల్సిన నివేదికలకు వేరుగా పీరియాడికల్స్ రిజిస్టరు ఉండేవి. గుమాస్తా మారినా రిజిస్టరు సీటులోనే ఉండేది. ప్రైవేటు ఆఫీసుల్లో ఆ రెండూ ఒక మనిషి బుర్రలోనూ, అతని ఈమెయిల్లోనూ ఉంటాయి. అతను వెళ్లిన రోజున రెండూ మూతపడతాయి.

మూడోది పీఎఫ్. పైకి ఇది అన్నిటికంటే సులువైన ఫైలు. జూలై నెల చందా ఆగస్టు 15లోగా కట్టాలి. ఆగస్టు 15 సెలవు. కాబట్టి తేదీ గడిలో 14 అని, వీలైతే 12 అని రాసుకోవడం మంచిది. ఈఎస్‌ఐ చందాకు కూడా అదే 15వ తేదీ. ఇవి ప్రతినెలా వచ్చేవే. జీతాల గుమాస్తాకు కంఠతా ఉంటాయి, పెద్దగా తప్పవు.

తప్పేది మరొక చోట. పీఎఫ్ యజమాని పోర్టల్‌లో అధీకృత సంతకందారు ఎవరు? చాలా కంపెనీల్లో హెచ్‌ఆర్ ఆఫీసరే. ఆయన పేరు మీదే డిజిటల్ సంతకం, ఆయన ఫోన్‌కే ఓటీపీ. ఉద్యోగుల కేవైసీ ఆమోదించాలన్నా, వివరాల సవరణ ముందుకు పంపాలన్నా ఆ సంతకం పడాలి. ఆయన జూలై 31న వెళ్లిపోతే ఆగస్టు 1న పోర్టల్ తెరుచుకున్నా ఆమోదాలు ఆగిపోతాయి. వెళ్లిన మనిషిని ‘సార్, ఒక్క ఓటీపీ చెప్పండి’ అని అడుగుతూ నెలల తరబడి నెట్టుకొచ్చే ఆఫీసులు తక్కువేం కాదు. ఇందులో ఇద్దరికీ ప్రమాదమే. తన సంతకంతో ఏం ఆమోదం పొందుతోందో వెళ్లినాయనకు తెలియదు. ఎవరి సంతకం చెల్లుతోందో కంపెనీ చెప్పలేదు. కొత్త సంతకందారు కోసం పోర్టల్‌లో అభ్యర్థన తయారుచేసి, యజమాని సంతకంతో పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి పంపాలి, వాళ్లు ఆమోదించాలి. ఈ పని ఆఖరి రోజున మొదలుపెడితే లాభం లేదు. రాజీనామా ఇచ్చిన వారంలోనే మొదలు కావాలి. నోటులో రాయాల్సింది పంపిన తేదీ, ప్రాంతీయ కార్యాలయంలో ఆ కాగితం చూస్తున్న సెక్షన్, ఆమోదం వచ్చిందా లేదా అన్నదీ.

అదే పోర్టల్ లోపల ఎవరి బల్ల మీదా కనిపించని ఫైళ్లు కొన్ని ఉంటాయి. ఉద్యోగులు తమ వివరాల సవరణ కోసం ఆన్‌లైన్‌లో పెట్టుకున్న జాయింట్ డిక్లరేషన్లు యజమాని ఆమోదం కోసం అక్కడ ఎదురుచూస్తుంటాయి. మన వైపు ఇవి మరీ ఎక్కువ, కారణం పేర్లే. చేరినప్పుడు కంపెనీ రాసుకున్నది ఇంటిపేరు పొడి అక్షరంతో. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ముందు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో వేంకటేశ్వర్లు, బ్యాంకులో వెంకటేశ్వరరావు. మనిషి ఒకడే అని సెక్షన్‌లో అందరికీ తెలుసు, పోర్టల్‌కు తెలియదు. కూతురి పెళ్లికి అడ్వాన్సు కావాలని వచ్చినప్పుడు క్లెయిమ్ తిరస్కారమవుతుంది, అప్పుడు గొడవ మొదలవుతుంది. వెళ్లే ఆఫీసర్ ఆ లాగిన్ తెరిచి, పెండింగ్ జాబితాను ప్రింటు తీసి, ఒక్కో పేరు పక్కన ఆధారపత్రం వచ్చిందీ రానిదీ రాసిపెడితే కొత్తవారికి ఒక నెల కలిసొస్తుంది.

మూడు ఫైళ్లూ చెప్పాను కానీ, నోటులో వివరంగా రాయకూడని ఫైలు ఒకటి ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఒక ఫిర్యాదు అంతర్గత కమిటీ ముందు ఉందనుకోండి. 2013 నాటి చట్టం ప్రకారం విచారణ 90 రోజుల్లో ముగియాలి, ముగిసిన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన 60 రోజుల్లో యజమాని చర్య తీసుకోవాలి. అంటే ఇక్కడ కూడా గడువులున్నాయి, నోటులో ఉండాల్సిందే. కానీ ఫిర్యాదు చేసినవారి పేరు, ఎదుటివారి పేరు, ఏం జరిగిందన్నది బయటపెట్టడాన్ని అదే చట్టం నిషేధిస్తోంది. చార్జి నోటు ఒక్కరి చేతిలో ఉండే కాగితం కాదు. జనరల్ మేనేజర్‌కు ఒక కాపీ, అకౌంట్స్‌కు ఒకటి, ఈమెయిల్లో ఇంకెవరెవరికో. కాబట్టి ఆ వరుసలో రాయగలిగింది ఇంతే: ‘అంతర్గత కమిటీ ముందు ఒక విషయం ఉంది. గడువు తేదీలు కమిటీ అధ్యక్షురాలి దగ్గర ఉన్నాయి. ఆవిడతో నేరుగా మాట్లాడండి.’ ఫైలు ఆవిడ బీరువాలోనే ఉండాలి. హెచ్‌ఆర్ గదిలోని ర్యాకులో ఉంటే, వెళ్లేలోపు ఆవిడకు అప్పగించి రశీదు తీసుకోవాలి. కేసు గురించి కొత్త ఆఫీసర్‌కు టీ తాగుతూ వివరంగా చెప్పేయడం మర్యాద అనిపించవచ్చు. చేయకూడని పని అది.

సంప్రదించాల్సిన వాళ్ల గురించి ఒక మాట. పేరు, ఫోన్ నంబరు రాస్తే సరిపోతుందనుకుంటారు. లేబర్ ఆఫీసులో, పీఎఫ్ ఆఫీసులో మనుషులు బదిలీ అవుతుంటారు, హోదా, సెక్షన్ మాత్రం మిగులుతాయి. కాబట్టి ముందు హోదా, తర్వాతే పేరు. కంపెనీ లోపలి వాళ్ల విషయంలో ఇంకా సూటిగా రాయాలి: ఈ పని మీద నిర్ణయం ఎవరిది, కాగితం కదిపేది ఎవరు. గ్రాట్యుటీ చెక్కు మీద సంతకం ఫైనాన్స్ హెడ్‌ది కావచ్చు, కానీ ఆ చెక్కును ఆయన బల్ల మీద పెట్టేది క్యాష్ సెక్షన్ అమ్మాయి. కొత్త ఆఫీసర్ ఇద్దరినీ గుర్తుపట్టాలి. నోటుతో పాటు ఆఖరి వారంలో ఒక పూట ఇద్దరూ కలిసి ఆ గదులన్నీ తిరిగి రావడం అందుకే. ఆ తిరుగుడు ఆఖరి రోజుకు పెట్టుకుంటే వీడ్కోలు మాటల్లోనే సరిపోతుంది.

ఇంత రాశాక కూడా వెళ్లే ఆఫీసర్ మరిచిపోయే ఫైలు ఒకటుంటుంది, ఆయన సొంతది. ఉద్యోగం మానేసినవారి వేతన బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలన్నది కొత్త వేతన కోడ్ నియమం. అందరి సెటిల్‌మెంట్లూ తయారుచేసిన మనిషి తన సెటిల్‌మెంట్ తానే తయారుచేసుకుని తానే సరిచూసుకోవడం బాగుండదు. మిగిలిన సెలవులు టైమ్ ఆఫీసు ధ్రువీకరించాలి, లెక్క అకౌంట్స్ మేనేజర్ కట్టాలి. వెనక్కి ఇచ్చిన లాప్‌టాప్, బీరువా తాళాలు, కంపెనీ ముద్రలు ఎవరు తీసుకున్నారో కూడా అక్కడే రాయాలి. జూలై నెల చందా కట్టాక పీఎఫ్ పోర్టల్‌లో ఆయన ఉద్యోగం ముగిసిన తేదీ నమోదు చేయాలి. ఆ పని చేయాల్సింది కొత్త ఆఫీసరే, కొత్త సంతకానికి ఆమోదం వచ్చాక. అది జరగకపోతే పాతాయన తన తేదీ తానే వేసుకోవచ్చు కానీ, అందుకు రెండు నెలలు ఆగాలి.